చంటిబిడ్డను ఎత్తుకునే తల్లికి బొటనవేలి వైపు మణికట్టు నొప్పి: ఎలా తగ్గించుకోవాలి?

కాన్పయిన కొన్ని వారాలకు, బిడ్డ కాస్త బరువెక్కే వేళకు ఈ నొప్పి మొదలవుతుంది. బిడ్డను పైకి లేపబోతే బొటనవేలి మొదట్లోంచి మణికట్టు మీదుగా చురుక్కుమని పోటు వస్తుంది. సీసా మూత తిప్పినా, తడిబట్ట పిండినా అదే పోటు. "బాలింత నొప్పులే, అవే పోతాయి" అని చాలామంది నెట్టుకొస్తారు. బిడ్డ బరువేమో వారం వారం పెరుగుతూనే ఉంటుంది, రోజుకు ఎత్తే సార్లు మాత్రం తగ్గవు. అందుకే దీన్ని మొదట్లోనే పట్టుకోవడం మేలు.

దీన్ని డాక్టర్లు డి కెర్వెయిన్ టీనోసైనోవైటిస్ అంటారు. 1895లో దీన్ని వివరించిన స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వెయిన్ పేరే దీనికి పెట్టారు. బొటనవేలిని పక్కకు చాపే, పైకి లేపే రెండు టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి, మణికట్టు అంచున ఎముక మీద ఒక సన్నని గొట్టంలోంచి వెళ్తాయి. ఆ గొట్టం గోడ మందమైతే లోపలి దారి ఇరుకవుతుంది. ఇరుకు కుట్టులో బొందు లాగినట్టు టెండన్ ఒరుసుకుంటూ కదులుతుంది. కాన్పు తర్వాత ఒంట్లో నీరు, హార్మోన్ల మార్పులు కూడా ఇందుకు తోడవుతాయని అంటారు. కానీ మన చేతిలో ఉన్నది ఎత్తే పద్ధతి ఒక్కటే కాబట్టి, ఎక్కువగా దాని గురించే చెబుతాను.

ముందు నొప్పి ఎక్కడుందో చూసుకోండి

బొటనవేలి మొదలు నుంచి మోచేతి వైపు వేలితో తడుముతూ వెళ్తే, మణికట్టు అంచున ఒక ఎముక బొడిపె తగులుతుంది. అక్కడ నొక్కితే నొప్పి, కాస్త ఉబ్బు ఉంటే అనుమానం బలపడుతుంది. తర్వాత బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లతో దాన్ని మూసి, పిడికిలిని నెమ్మదిగా చిటికెనవేలి వైపు ఒంచండి. మంచి చేతికి కూడా కాస్త లాగినట్టు ఉంటుంది కాబట్టి రెండు చేతులూ పోల్చి చూడాలి. ఆ బొడిపె దగ్గరే పదునైన పోటు వస్తే ఇదే కావచ్చు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. "తగ్గిందా లేదా" అని రోజూ ఒంచి చూసుకుంటే, ఒరిసిపోయిన చోటే మళ్లీ ఒరుస్తున్నట్టు.

రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే అది వేరే సమస్య. అప్పుడు మణికట్టు మధ్యలో నరం నొక్కుకుపోతున్నట్టు అనుమానించాలి. బాలింతల్లో అదీ మామూలే, ఒక్కోసారి రెండూ కలిసి వస్తాయి. చెయ్యి ఆనించి పడిన తర్వాత నొప్పి మొదలైతే ఎక్స్‌రే తీయించాలి. మణికట్టు ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

ఎత్తే పద్ధతి మార్చండి

అలవాటుగా ఎలా ఎత్తుతామో గమనించండి. బిడ్డ చంకల కింద రెండు చేతులు పెడతాం. బొటనవేళ్లు ముందుకు, మిగతా వేళ్లు వీపు మీదకు చాపుకుని, చేతులు ముందుకు చాచి లేపుతాం. బరువంతా చాచిన బొటనవేలి మీద వేలాడుతుంది, మణికట్టేమో చిటికెనవేలి వైపు ఒంగిపోతుంది. ఆ టెండన్లకు ఇంతకంటే చెడ్డ భంగిమ లేదు.

దీనికి బదులు ముందు బిడ్డకు దగ్గరగా ఒంగి, మీ ఒంటిని బిడ్డకు ఆనించినంత పని చేయండి. ఒక చేతిని పిరుదుల కిందకు, రెండోదాన్ని భుజాల వెనుక నుంచి మెడ, తల కిందకు పోనివ్వండి. రెండు అరచేతులూ పైకి చూస్తుండాలి. బొటనవేలు చూపుడువేలి పక్కనే ఒదిగి ఉండాలి, చాచకూడదు. బిడ్డను గుండెకు హత్తుకున్నాకే లేవండి. బరువు ముంజేతుల మీద, మోచేతుల మీద పడుతుంది, మణికట్టు నిటారుగా ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు ఇది నిదానంగా, ఇబ్బందిగా అనిపిస్తుంది. నిద్రమత్తులో పాత పద్ధతే వచ్చేస్తుంది. అందుకే రాత్రి పడక ఎత్తును సరిచేసుకుని, మరీ ఒంగకుండా అందేలా చూసుకోవడం ముఖ్యం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు నెలల పాప, బరువు దాదాపు 6 కిలోలు. తల్లికి నొప్పి కుడి మణికట్టులోనే. రోజుకు పాలు ఎనిమిది సార్లు, డైపర్ ఎనిమిది సార్లు అనుకుంటే, దించి ఎత్తేవి, మధ్యలో ఊరడించేవి కలిపి ముప్పై దాటుతాయి. ఆమె ఎత్తే తీరు మార్చుకుంది, పగటి నొప్పి తగ్గింది, కానీ సాయంత్రానికి మళ్లీ సలుపు. చూస్తే పాలిచ్చేటప్పుడు పాప తలను కుడిచేత్తో పట్టుకుని, మణికట్టు లోపలికి ఒంచి, బొటనవేలు చాచి అరగంట అలాగే కూర్చుంటోంది. పాప నిద్రపోయాక అదే బొటనవేలితో ఫోన్. ఒడిలో గట్టి దిండు పెట్టి తల బరువును దిండుకు, ముంజేతికి అప్పగించి, ఫోన్ ఎడమచేతికి మార్చాక గానీ ఆ సలుపు తగ్గలేదు. ఎత్తడం ఒక్కటే కాదు, పట్టుకుని ఉండటం కూడా చూసుకోవాలన్నమాట.

స్ప్లింట్ సరైనదే వేసుకోండి

మామూలు మణికట్టు బ్యాండ్ కొని, పని చేయలేదని పక్కన పడేసేవాళ్లు చాలామంది. బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింట్ కావాలి. బొటనవేలి చివరి కణుపు మాత్రం కదులుతుండవచ్చు. సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు వాడతారు. బిడ్డను ఎత్తేటప్పుడు అడ్డమని తీసేసి, ఖాళీగా ఉన్నప్పుడు వేసుకుంటే ప్రయోజనం ఉండదు. అసలు అవసరం ఎత్తేటప్పుడే. గట్టి అంచు బిడ్డ ఒంటికి తగలకుండా పైన మెత్తని బట్ట చుట్టుకోండి. రోజులో కొన్నిసార్లు తీసి వేళ్లు మెల్లగా కదిలించండి, లేకపోతే బిగుసుకుపోతాయి. బొటనవేలి వెనుక తిమ్మిరి, చురచుర వస్తే పట్టీ బిగుతైనట్టు, వదులు చేయండి.

ఐస్‌ను బట్టలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టవచ్చు. నొప్పి మాత్రల్లో పాలిచ్చేవారు వాడదగ్గవి ఉన్నాయి, కానీ డాక్టర్‌ని అడిగే వాడండి. జెల్ రాసుకుంటే చెయ్యి కడుక్కోకుండా బిడ్డను ముట్టుకోవద్దు. రబ్బరు బంతి పిసకడం లాంటి వ్యాయామాలు ఇప్పుడు వద్దు, నొప్పి చల్లారాక ఫిజియోథెరపిస్ట్ చూపిస్తారు.

తగ్గకపోతే

నాలుగు నుంచి ఆరు వారాలు ఇలా చేసినా పోటు అలాగే ఉంటే ఎముకల డాక్టర్‌ని కలవండి. ఆ గొట్టంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, చాలామందికి దాంతోనే తగ్గుతుంది. సూది వేసిన చోట చర్మం తెల్లబడటం, కాస్త గుంట పడటం కొందరిలో జరుగుతుంది. షుగర్ ఉన్నవారికి కొన్ని రోజులు అది పెరగవచ్చు. కొందరికి గొట్టం లోపల అడ్డుగోడ ఉండి రెండు టెండన్లూ వేర్వేరు అరల్లో ఉంటాయి, మందు ఒక అరకే చేరితే ఇంజెక్షన్ పని చేయదు. అప్పుడు, ఆ చోటు మాత్రమే మొద్దుబార్చి, గొట్టం పైకప్పును తెరిచే చిన్న ఆపరేషన్ ఉంటుంది. పాలిస్తున్నామన్న సంగతి సూదికి ముందే డాక్టర్‌కి చెప్పండి. ఈ నొప్పి కోసమని పాలు మాన్పించాల్సిన పని లేదు.