క్లాన్ వార్‌లో దాడులు మిగిలిపోతున్నాయా?

క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో క్లాన్ నడిపేవాళ్లకి తలనొప్పి ఎక్కువగా ఒక్క చోటే వస్తుంది. కొందరు వార్‌లోకి వచ్చి దాడి చేయకుండా కూర్చుంటారు. ఒక్కొక్కరికి రెండు దాడులు కాబట్టి, 15 మంది వార్‌లో ముగ్గురు ముట్టుకోకపోతే ఆరు దాడులు పోయినట్టే.

పరీక్షలు, నైట్ షిఫ్టులు ఎవరికైనా ఉంటాయి. అందుకే ప్రొఫైల్‌లో వార్ ఆప్షన్ ఎరుపులో పెట్టుకున్నవాళ్లని కారణం అడగకండి. ఆకుపచ్చలో ఉంచి దాడి చేయనివాళ్లకే రూల్ పెట్టండి: రెండు దాడులూ వదిలేస్తే తర్వాతి రెండు వార్‌లు బయటే, మళ్లీ అదే చేస్తే క్లాన్ నుంచి తీసేస్తాం. ఈ మాట క్లాన్ వివరణలోనే రాసి ఉంచితే, చేరేవాళ్లు చూసే చేరతారు.

అసలు చిక్కు కో-లీడర్లతో. మన స్నేహితుడు కదా అని అతన్ని వదిలేసి, నిన్న చేరిన కుర్రాణ్ణి తీసేస్తే చాట్‌లో యుద్ధం అక్కడే మొదలవుతుంది. కో-లీడర్‌కి ఎల్డర్లనీ మెంబర్లనీ తీసేసే అధికారం కూడా ఉంటుంది. కోపంలో ఆ బటన్ నొక్కేవాళ్లని మామూలు మెంబర్‌గానే ఉంచండి.

కొత్తవాళ్లని ఆహ్వానం ద్వారానే తీసుకోండి. ముందు ప్రొఫైల్ తెరిచి, ఆ సీజన్‌లో ఎన్ని సైన్యాలు దానం చేశారో చూడండి. సీజన్ సగం గడిచినా సున్నా ఉంటే, ఆట ఎప్పుడో ఒకసారి తెరిచే మనిషి అనుకోవచ్చు.

సభ్యులు 40 మంది ఉన్నా, నిజంగా ఆడేది 16 మందే అయితే వార్ 15కే పెట్టండి.