పన్ను ఖర్చు లెక్కకు మించి వస్తోందా? పోయినేడాది డిఫర్డ్ ట్యాక్స్ చూడండి

సమస్య: లాభానికి రేటు వేసి చూస్తే వచ్చే పన్ను కంటే, లాభనష్టాల ఖాతాలో చూపిన పన్ను బాగా ఎక్కువ ఉంది.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కంపెనీ లెక్కలు ముగిస్తుంటే నాకిది తగిలింది. పన్నుకు ముందు లాభం 40 లక్షలు. సెక్షన్ 115బీఏఏ ఎంచుకున్నారు కాబట్టి రేటు 25.168 శాతం. తరుగుదల పుస్తకాల్లో 10 లక్షలు, పన్ను లెక్కలో 14 లక్షలు. లక్ష జరిమానా ఉంది, దాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా ఒప్పుకోరు. అలా పన్ను పడే ఆదాయం 37 లక్షలు, కరెంట్ ట్యాక్స్ 9,31,216. అంతవరకు బాగానే ఉంది. డిఫర్డ్ ట్యాక్స్ కింద మాత్రం 2,51,680 వేశారు. మొత్తం 11,82,896.

ఎంత రావాలి? తరుగుదల తేడా ఇప్పుడు తగ్గించిన పన్ను తర్వాత ఎటూ కట్టాల్సిందే. అందుకే మొత్తం ఖర్చు మీద దాని ప్రభావం ఉండదు, జరిమానా ఒక్కటే మిగులుతుంది. 41 లక్షల మీద 25.168 శాతం అంటే 10,31,888. తేడా 1,51,008. పోయినేడాది సంతకాలైన బ్యాలెన్స్ షీట్ తీస్తే, డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ అచ్చం అంతే! (రెండేళ్లలో రేటు మారకపోతేనే ఈ పరీక్ష ఇంత సూటిగా పనిచేస్తుంది.)

కారణం: ఏడాది చివర లయబిలిటీలో ఉండాల్సిన నిల్వ 2,51,680 మొత్తాన్నీ ఈ ఏడాది ఖర్చుగా రాసేశారు. రాయాల్సింది పెరిగిన 1,00,672 మాత్రమే.

కానీ ఎందుకలా రాశారు? ఇప్పుడు ట్యాలీలో డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ లెడ్జర్ ముగింపు నిల్వ చూడండి. 4,02,688 ఉంటే, పాత నిల్వ ఉండగానే మళ్లీ మొత్తం వేశారన్నమాట. 2,51,680 ఉంటే చిక్కు వేరు: ప్రారంభ నిల్వ సున్నా. మాకు జరిగింది ఇదే. పోయినేడాది ఆడిటర్ వేసిన ఎంట్రీ ఆయన ఎక్సెల్‌లోనే ఉండిపోయింది, కంపెనీ ట్యాలీలోకి ఎక్కలేదు. బ్యాలెన్స్ షీట్‌లో లయబిలిటీ సరిగ్గా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పరిష్కారం: మొదటి రకమైతే ఒక్క జర్నల్ చాలు.

డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీ – డెబిట్ 1,51,008
డిఫర్డ్ ట్యాక్స్ ఖర్చు – క్రెడిట్ 1,51,008

రెండో రకానికి ఇదే వేస్తే లయబిలిటీ 1,00,672కి పడిపోతుంది, కొత్త తప్పు. ముందు ట్యాలీలో పోయిన ఆర్థిక సంవత్సరం ముగిసిన మార్చి 31 తేదీకి వెళ్లి, ఆడిట్‌లో ఉన్న ఎంట్రీని అలాగే ఎక్కించాలి. పోయినేడాది నుంచి తెచ్చుకున్న లాభం 1,51,008 తగ్గి, ఆడిట్ అయిన అంకెతో కలవాలి. కలవకపోతే ఎక్కని ఎంట్రీలు ఇంకా ఉన్నాయని అర్థం. తర్వాత ఈ ఏడాది జర్నల్‌ని 1,00,672కి దిద్దాలి.

కరెంట్ ట్యాక్స్ ఎంట్రీ మాత్రం ముట్టుకోవద్దు. ఖర్చు డెబిట్, ప్రొవిజన్ క్రెడిట్, రెండూ 9,31,216. కట్టిన అడ్వాన్స్ ట్యాక్స్‌ని అందులోంచి తీసేసి మిగిలినదే ఖర్చుగా రాసేవాళ్లూ ఉన్నారు. అది ప్రొవిజన్‌కి ఎదురు పెట్టుకునే ఆస్తి, ఖర్చును తగ్గించదు.