మామూలు కంప్యూటర్‌లో పెద్ద ఓపెన్ వరల్డ్ సాఫీగా నడవాలంటే: ఎల్‌ఓడీ, అక్లూజన్ కల్లింగ్ ఎలా అమర్చుకోవాలి?

ఓపెన్ వరల్డ్ గేమ్‌లో మెషీన్‌ను బాగా ఇబ్బంది పెట్టే చోట్లు రెండు. ఒకటి కొండ శిఖరం. అక్కడ నిలబడితే కింద ఊరంతా కనిపిస్తుంది, దేనికీ ఏదీ అడ్డు ఉండదు. రెండోది ఆ ఊళ్లోని వీధి. అక్కడ కంటికి కనిపించేవి నాలుగు గోడలే అయినా, వాటి వెనకున్న ఇళ్లన్నిటినీ ఇంజిన్ గీస్తూనే ఉంటుంది.

శిఖరం మీద ఆదుకునేది ఎల్‌ఓడీ. అంటే వస్తువు దూరమయ్యేకొద్దీ తక్కువ ట్రయాంగిల్స్ ఉన్న మోడల్‌కి మారడం. వీధిలో ఆదుకునేది అక్లూజన్ కల్లింగ్. అంటే మరో దాని వెనక పూర్తిగా దాగిన వస్తువును అసలు గీయకపోవడం. ఒకదాని పని మరొకటి చేయలేదు కాబట్టి రెండూ కావాలి. ముందు ఎల్‌ఓడీతో మొదలుపెట్టండి, ఎందుకంటే రెండో దానికి మిగిలే పని ఎంతో అదే తేలుస్తుంది.

1. ముందు కొలవండి

సెకనుకు 30 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు, 60 కావాలంటే 16.6 మిల్లీసెకన్లు ఉంటాయి. కెమెరాను శిఖరం మీద ఒకసారి, వీధిలో ఒకసారి కదలకుండా పెట్టి, ఫ్రేముకు పట్టే సమయం రాసుకోండి. తర్వాత రిజల్యూషన్ సగానికి తగ్గించి మళ్లీ చూడండి. సమయం బాగా పడిపోతే బరువంతా పిక్సెల్స్ దగ్గర ఉన్నట్టు. అప్పుడు షేడర్లు, నీడల సంగతి ముందు చూడాలి. పెద్దగా మారకపోతే బరువు డ్రా కాల్స్ దగ్గరో ట్రయాంగిల్స్ దగ్గరో ఉంది. కింద చెప్పేది ముఖ్యంగా ఆ పరిస్థితికి పనికొస్తుంది.

2. ఎల్‌ఓడీని మీటర్లలో కాదు, పిక్సెల్స్‌లో నిర్ణయించండి

'50 మీటర్లు దాటితే రెండో మోడల్' అని రాసేయడం తేలికే. కానీ 50 మీటర్ల దూరంలో గడ్డివాము వేరు, గుడి గోపురం వేరు. పైగా ఆటగాడు దుర్భిణి పెట్టి చూస్తే ఆ లెక్క మొత్తం తప్పుతుంది. వస్తువు తెరమీద ఎన్ని పిక్సెల్స్ ఎత్తు ఉందన్నదే నమ్మదగ్గ కొలత:

```
px = h * H / (2 * d * tan(fov / 2))
```

ఇందులో `h` వస్తువు ఎత్తు, `d` దూరం, `H` తెర ఎత్తు పిక్సెల్స్‌లో, `fov` కెమెరా నిలువు కోణం. 6 మీటర్ల ఎత్తున్న ఇల్లు, 60 డిగ్రీల కోణం, 1080 పిక్సెల్స్ తెర అనుకుందాం. లెక్క సుమారు 5600 ÷ దూరం అవుతుంది. 250 పిక్సెల్స్ కంటే పెద్దగా ఉన్నంతసేపు పూర్తి మోడల్, 80 వరకు రెండోది, 20 వరకు మూడోది అని పెట్టుకుంటే, మోడల్ మారే దూరాలు సుమారు 22, 70, 280 మీటర్లు. అదే గేమ్ 720 పిక్సెల్స్ తెరమీద నడిస్తే ఆ దూరాలు వాటంతటవే 15, 47, 187 మీటర్లకు దగ్గరవుతాయి. చిన్న మెషీన్‌కు విడిగా సెట్టింగులు రాసే పని తప్పుతుంది.

3. ఒక్కో మోడల్‌కు ఎన్ని ట్రయాంగిల్స్?

ఇక్కడే చాలామంది 'ప్రతిసారీ సగం' అనే పద్ధతి పట్టుకుంటారు. అది చాలదు. దూరం రెట్టింపైతే తెరమీద వస్తువు ఆక్రమించే వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. గ్రాఫిక్స్ చిప్ పిక్సెల్స్‌ను రెండేసి వరసల్లో రెండేసి చొప్పున, నాలుగింటిని కలిపి షేడ్ చేస్తుంది. ట్రయాంగిల్ ఒక్క పిక్సెల్ అంత ఉన్నా నాలుగు పిక్సెల్స్ పని జరుగుతుంది. అందుకే, మోడల్ మారే చోట కూడా కనిపించే ఒక్కో ట్రయాంగిల్‌కు పదిహేను, పదహారు పిక్సెల్స్‌కు తగ్గకుండా చూసుకోవడం మంచిది.

మన ఇంటి వెడల్పు 8 మీటర్లు అనుకోండి. 80 పిక్సెల్స్ ఎత్తున ఉన్నప్పుడు అది సుమారు 8500 పిక్సెల్స్ ఆక్రమిస్తుంది. ట్రయాంగిల్స్‌లో సుమారు సగం అవతలి వైపు ఉంటాయి కాబట్టి రెండో మోడల్‌కు 900 సరిపోతాయి. ఇదే లెక్కన మొదటి దానికి 9000, మూడో దానికి 60. అవును, అరవయ్యే. 20 పిక్సెల్స్ ఎత్తున్న ఇంట్లో కిటికీ చట్రం ఎవరికీ కనిపించదు. పైకప్పు ఆకారం, రంగు మాత్రం చెడకూడదు, ఎందుకంటే ఆకాశం మీద పడే అంచులో తేడా వస్తే కన్ను వెంటనే పట్టేస్తుంది.

మోడల్ మారే హద్దు దగ్గర ఆటగాడు కాస్త ముందుకీ వెనక్కీ కదిలితే ఇల్లు మినుకుమినుకుమంటుంది. దూరమయ్యేటప్పుడు 80 దగ్గర, దగ్గరయ్యేటప్పుడు 88 దగ్గర మారేలా పెడితే ఆ ఇబ్బంది పోతుంది.

280 మీటర్ల అవతల విడివిడి ఇళ్లు అక్కర్లేదు. ఒక వాడలోని ఇళ్లన్నిటినీ ఒకే మెష్‌గా, ఒకే టెక్స్చర్‌తో కలిపేస్తే పదుల డ్రా కాల్స్ ఒకటవుతాయి. శిఖరం మీద అన్నిటికన్నా ఎక్కువ లాభం ఇచ్చేది ఈ మార్పే. ఊరంతా ఒకే మెష్ చేస్తే మాత్రం దాని మూల ఒకటి కనిపించినా మొత్తం గీయాల్సి వస్తుంది. వాడవాడకూ ఆపండి.

4. అడ్డుగా నిలిచేవాటిని ఎంచుకోండి

అక్లూజన్ కల్లింగ్‌కు చిన్న మెషీన్ మీద నాకు నచ్చే పద్ధతి ఇది: గోడలు, కొండలు వంటి కొన్ని పెద్ద వస్తువులను సీపీయూతోనే 256×144 సైజున్న డెప్త్ బఫర్‌లో గీయడం. తర్వాత ప్రతి వస్తువు చుట్టూ ఉన్న పెట్టెను ఆ బఫర్‌తో పోల్చాలి. పెట్టె పడే పిక్సెల్స్ అన్నింటిలోనూ, దాని అతి దగ్గరి బిందువు కన్నా ముందు ఏదో ఒకటి ఉంటే వస్తువును వదిలేయొచ్చు. అలా కాకుండా, వస్తువు దాగిందా లేదా అని గ్రాఫిక్స్ చిప్‌ను అడిగి జవాబు కోసం ఆగితే సీపీయూ ఖాళీగా కూర్చుంటుంది. ఆగకుండా పాత ఫ్రేము జవాబు వాడితే, కెమెరా గిరుక్కున తిరిగినప్పుడు ఇళ్లు ఆలస్యంగా ప్రత్యక్షమవుతాయి.

ఒక నియమం తప్పకూడదు. అడ్డుగా వాడే ఆకారం అసలు వస్తువు లోపలే ఉండాలి, పరీక్షించే పెట్టె అసలు వస్తువు బయట ఉండాలి. కొండకు సరళమైన మెష్ చేసేటప్పుడు, ప్రతి బిందువుకూ దాని చుట్టూ ఉన్న నాలుగు గడుల్లోని అతి తక్కువ ఎత్తును ఇవ్వండి. అప్పుడు ఆ మెష్ ఎక్కడా నేలను దాటి పైకి రాదు. గడి మరీ పెద్దదైతే శిఖరం కరిగిపోయి కొండ ఏమీ దాచలేదు; 64 మీటర్ల గడితో అలా అయితే 16 మీటర్లతో ప్రయత్నించండి. చెట్లను అడ్డుగా పెట్టకండి, ఆకుల సందుల్లోంచి అవతల కనిపిస్తుంది. తలుపు తెరుచుకునే గోడకు ఆ తలుపు మేర ఖాళీ వదలాలి.

బఫర్‌లోని ఒక పిక్సెల్ 1280 వెడల్పు తెరమీద ఐదు పిక్సెల్స్‌కు సమానం. రెండు ఇళ్ల మధ్య సన్నని సందు అందులో మూసుకుపోవచ్చు. పరీక్షించే పెట్టెను అన్ని వైపులా ఒక పిక్సెల్ పెంచితే చాలా వరకు సర్దుకుంటుంది.

5. తప్పు ఎక్కడుందో చూడండి

వీధిలో నిలబడి కల్లింగ్ ఫలితాన్ని అక్కడే ఆపేసి, రెండో కెమెరాతో పైకి ఎగిరి చూడండి. గోడ అవతల ఇళ్లు ఇంకా ఉంటే పెట్టెలు మరీ పెద్దవో, అడ్డు మరీ చిన్నదో. తర్వాత శిఖరం మీద కల్లింగ్ ఆన్ చేసి, ఆఫ్ చేసి కొలవండి. అక్కడ దాచేదేమీ ఉండదు కాబట్టి తేడా అంతా ఖర్చే. అది వీధిలో మిగిలే సమయంతో పోలిస్తే ఎక్కువగా ఉంటే, తెరమీద చిన్నగా కనిపించే అడ్డులను ఆ ఫ్రేముకు జాబితా నుంచి తీసేయండి.

కల్లింగ్ తర్వాత మిగిలిన వస్తువుల జాబితాను నీడలకు వాడకండి. గోడ వెనక దాగిన గోపురం కెమెరాకు కనిపించకపోయినా దాని నీడ వీధిలో పడుతుంది. కాబట్టి నీడల పాస్‌కు సూర్యుడి వైపు నుంచి వేరే జాబితా ఉండాలి. ఆ పాస్‌లో మరీ ముతక మోడల్ వాడితే అది అసలు గోడకు ముందుకు పొడుచుకొచ్చి, గోడ మీద నల్లటి మరకలు పడతాయి. మరకలు కనిపిస్తే దగ్గరి ఇళ్లకు నీడల పాస్‌లోనూ తెరమీద ఉన్న మోడల్‌నే వాడండి, ముతకదాన్ని దూరపు ఇళ్లకే ఉంచండి.