మొదటి విదేశీ ప్రయాణం: టికెట్ కొనకముందే పాస్‌పోర్ట్, ట్రాన్సిట్ వీసా, నగదు లెక్క ఎలా చూసుకోవాలి?

1. పాస్‌పోర్ట్ గడువును తిరుగు ప్రయాణం తేదీ నుంచి లెక్కపెట్టండి

వెళ్లే రోజుకు గడువు ఉంటే చాలదు. సింగపూర్‌లో దిగే రోజుకు ఇంకా కనీసం 6 నెలలు మిగిలి ఉండాలి. యూరప్‌లో తమ మధ్య సరిహద్దు తనిఖీలు లేకుండా ఒకే వీసాతో నడిచే షెంగెన్ దేశాలైతే, అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత 3 నెలలు ఉండాలంటాయి. సెప్టెంబర్ 20న పారిస్ నుంచి తిరుగు ప్రయాణం అనుకుందాం. పాస్‌పోర్ట్ అదే ఏడాది డిసెంబర్ 10తో ముగిస్తే 10 రోజులు తక్కువ పడింది. ఆ ప్రయాణానికి అది పనికిరాదు. ఏ దేశానికైనా, తిరిగొచ్చే రోజు నుంచి 6 నెలలు మిగలకపోతే నేనైతే ముందు రెన్యువల్‌కే ఇమ్మంటాను.

2. విమానం మారే ప్రతి ఊరినీ విడిగా చూడండి

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. "ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి వెళ్లం కదా, వీసా ఎందుకు?" అనుకుంటారు. అమెరికాలో విమానం మారాలంటే మాత్రం అందరూ ఇమిగ్రేషన్ దాటాల్సిందే, కాబట్టి వీసా అవసరమైన దేశాలవారికి ట్రాన్సిట్‌కూ వీసా ఉండాలి.

యూరప్‌లో చిక్కు వేరు. దోహా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి పారిస్, పారిస్ నుంచి మాంట్రియల్ అని చౌకగా ఒక టికెట్ దొరికిందనుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ రెండూ షెంగెన్‌లోనివే. ఆ రెండింటి మధ్య విమానం దేశీయ విమానం లాంటిది, అందుకే ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అయిపోతుంది. అంటే మీరు షెంగెన్‌లోకి అడుగుపెట్టినట్టే. ఎయిర్‌పోర్ట్ లోపలే ఉండి విమానం మారడానికి మాత్రమే ఇచ్చే ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా అక్కడ చెల్లదు, మామూలు షెంగెన్ వీసా అక్కరపడే వారికి అదే కావాలి.

ఇంకో తిప్పలు: బుకింగ్‌లో రెండు పీఎన్ఆర్‌లు కనిపించినా, సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని ఉన్నా, సామాను మధ్యలోనే దించుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి రావచ్చు. బ్యాగుల కోసం ఇమిగ్రేషన్ దాటాలంటే ఆ దేశంలోకి వెళ్లే వీసా ఉండాలి. కొనేముందు ఎయిర్‌లైన్‌ను "బ్యాగులు చివరి ఊరిదాకా వెళ్తాయా?" అని సూటిగా అడగండి.

కౌంటర్‌లో సిబ్బంది ఈ నిబంధనల్ని టిమాటిక్ అనే డేటాబేస్‌లో చూస్తారు. సరైన పత్రాలు లేనివారిని తీసుకెళ్తే ఎయిర్‌లైన్‌కే జరిమానా పడుతుంది, అందుకే బతిమాలినా ఎక్కించుకోరు. విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘమైన ఐయాటా నడిపే ట్రావెల్ సెంటర్ సైట్‌లో మీ పౌరసత్వం, రూటు ఇస్తే అదే సమాచారం మీకూ కనిపిస్తుంది. దాన్ని ఆయా దేశాల ఎంబసీ సైట్‌తో సరిచూసుకోండి.

3. నగదు ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి

అమెరికాలో 10,000 డాలర్లు దాటితే, యూరోపియన్ యూనియన్‌లో 10,000 యూరోలు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే కస్టమ్స్‌కు చెప్పాలి. తీసుకెళ్లడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు, అధికారులు ఆ డబ్బును జప్తు చేయవచ్చు. అమెరికాలో కలిసి ప్రయాణించే కుటుంబం మొత్తాన్ని కలిపి లెక్కిస్తారు. భార్య దగ్గర 6,000, భర్త దగ్గర 5,000 ఉంటే పరిమితి దాటినట్టే. ట్రావెలర్స్ చెక్కులు కూడా ఇందులోకే వస్తాయి.

సొంత దేశం నుంచి బయటికి ఎంత తీసుకెళ్లనిస్తారన్నది వేరే నిబంధన. దాన్ని కేంద్ర బ్యాంకు లేదా కస్టమ్స్ సైట్‌లో చూడండి.