మూడుసార్లూ 40 శాతం దగ్గరే ఆగింది

గుంటూరు బ్రాడీపేటలో మా హాస్టల్. అసైన్‌మెంట్‌కి రాత్రి 12 గంటలే గడువు. 11:30కి అప్‌లోడ్ మొదలుపెడితే 40 శాతం దాకా వెళ్లి టైమ్ అవుట్. మూడుసార్లూ అక్కడే! టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

"ప్రతిసారీ ఒకేచోట ఆగుతోందంటే ఫైలు సైజు చూడరా" అన్నాడు రూమ్మేట్. 38 ఎంబీ ఉంది, అన్నీ ఫోన్‌తో రంగుల్లో తీసిన పేజీలు. మా వైఫైలో ఒక్కో ఎంబీ వెళ్లడానికి 8 సెకన్లు, అంటే మొత్తం 5 నిమిషాలు. పోర్టల్ మాత్రం 2 నిమిషాలకే తెంచేస్తోంది.

స్కానర్ యాప్‌లో పేజీలన్నీ బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి మళ్లీ పీడీఎఫ్ చేశాను. పెన్సిల్‌తో గీసిన గ్రాఫు చెరిగిపోయినట్టు కనిపిస్తే, ఆ ఒక్క పేజీని గ్రేలో ఉంచాను. సైజు 3 ఎంబీకి దిగింది. 11:52కి నొక్కితే అర నిమిషంలో వెళ్లిపోయింది. రసీదు నంబరు స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.