అపార్ట్‌మెంట్ జనరల్ బాడీలో ట్రెజరర్ లెక్కలు ఎలా చెప్పాలి?

ఏడాదికోసారి జరిగే జనరల్ బాడీ మీటింగ్‌లో ట్రెజరర్ మాట్లాడేది ఐదారు నిమిషాలే. గొడవ మాత్రం ఎక్కువగా ఒక్క ప్రశ్న దగ్గరే మొదలవుతుంది: "ఇంతకీ చేతిలో ఎంత ఉంది?" దానికి జవాబు సిద్ధం చేసుకుంటే మిగతా ప్రసంగం దానంతటదే కుదురుతుంది.

ఒక లెక్క చూద్దాం. 40 ఫ్లాట్లు, నెలకు 2,500 మెయింటెనెన్స్. ఏడాదికి రావాల్సింది 12,00,000.

1. వసూళ్లు విడదీయండి. బ్యాంకులో పడింది 11,85,000 అనుకోండి. "పదిహేను వేలే తక్కువ" అనేయకండి. అందులో 40,000 నిరుటి బకాయిలు, 30,000 కొందరు ముందుగా కట్టిన వచ్చే ఏడాది డబ్బు. అవి తీసేస్తే ఈ ఏడాది వసూలు 11,15,000. అంటే ఇంకా 85,000 రావాలి. ఎన్ని ఫ్లాట్లు బాకీయో చెప్పండి చాలు. నంబర్లు మైకులో చదివితే మీటింగ్ అక్కడే ఆగిపోతుంది. ఆ లిస్టు కమిటీ ద్వారా విడిగా పంపడం మంచిది.

2. ఖర్చు రెండు ముక్కలుగా చెప్పండి. వాచ్‌మన్ జీతం, కామన్ కరెంటు బిల్లు, లిఫ్ట్ ఏఎంసీ లాంటి మామూలు ఖర్చు 8,60,000. రిపేర్లు 2,10,000. మామూలు ఖర్చుకు ఒక వాక్యం సరిపోతుంది, రిపేర్లకే టైమ్ ఇవ్వాలి. ఉదాహరణకు: "టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కి మూడు కొటేషన్లు తీసుకున్నాం. 1,60,000కి ఒప్పుకున్నాం, 1,15,000 ఇచ్చాం. ఒక వానాకాలం గడిచి, లీకేజీ లేదని తేలాకే మిగతా 45,000 ఇస్తాం. బిల్లులు ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు."

3. పాస్‌బుక్కుతో కలపండి. నిరుటి నిల్వ 1,90,000కి వచ్చిన 11,85,000 కలిపి, ఖర్చు 10,70,000 తీసేస్తే 3,05,000 రావాలి. మార్చి 31న పాస్‌బుక్కులో 3,23,000 ఉందా? కంగారు పడొద్దు. నెలాఖరులో మోటార్ మెకానిక్‌కి ఇచ్చిన 18,000 చెక్కు ఇంకా క్లియర్ కాలేదేమో చూడండి. తేడాకి ఇలాంటి కారణం కాగితం మీద దొరక్కపోతే మాత్రం మీటింగ్‌కి ముందే వోచర్లు మళ్లీ తిరగేయాల్సిందే. ఎంట్రీ మర్చిపోవడమో, రెండుసార్లు రాయడమో జరిగి ఉంటుంది.

4. నిజంగా వాడుకోగలిగేది ఎంతో చెప్పండి. 3,05,000లో అడ్వాన్సు 30,000, కాంట్రాక్టర్‌కి ఇవ్వాల్సిన 45,000 పక్కన పెడితే మిగిలేది 2,30,000. ప్రసంగంలో గట్టిగా చెప్పాల్సిన అంకె ఇదే. ఇది చెప్పకపోతే "మూడు లక్షలున్నాయిగా, పెయింటింగ్ వేయిద్దాం" అని ఎవరో ఒకరు లేస్తారు.

కార్పస్ ఫండ్‌ని ఇందులో కలపకండి. "కార్పస్ 6,00,000 ఎఫ్‌డీలో అలాగే ఉంది, ఈ ఏడాది ముట్టుకోలేదు" అని వేరే వాక్యంగా చెప్పి, ఎఫ్‌డీ రసీదు కాపీ చూపించండి. ముట్టుకుని ఉంటే ఎంత తీశారో, ఏ మీటింగ్ తీర్మానం ప్రకారం తీశారో, ఎవరూ అడక్కముందే చదివేయండి.