చెన్నైకి కొత్తగా వచ్చారా? మీ జుట్టు నీళ్లు పీల్చే తీరు ముందు తెలుసుకోండి

చెన్నైకి వచ్చిన మొదటి నెలలో మనవాళ్లు ఇంటి అద్దె గురించి ఎంత మాట్లాడుకుంటారో జుట్టు గురించీ అంతే మాట్లాడుకుంటారు. "ఊళ్లో ఉన్నంతకాలం బాగానే ఉండేది, ఇక్కడికి వచ్చాక కొబ్బరి పీచులా తయారైంది" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జుట్టు ఉత్పత్తులు తయారుచేసే ప్రయోగశాలలో పని చేస్తాను కాబట్టి, పరిచయం కాగానే చాలామంది ముందు ఈ సంగతే అడుగుతారు. అందరూ నేరం బోరు నీళ్ల మీద వేస్తారు. నీళ్ల పాత్ర కొంత ఉంది, దాని గురించీ చెబుతాను. కానీ చెన్నైలో అసలు చిక్కు గాలిలో ఉంది, ఆ గాలిలోని తేమను మీ జుట్టు ఎంత తొందరగా లోపలికి రానిస్తుందన్న దానిలో ఉంది. ఆ గుణాన్నే పోరాసిటీ అంటారు.

పోయిన ఏడాది మా పిన్ని కూతురు కర్నూలు నుంచి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చింది. ఆఫీసు తరమణిలో, హాస్టల్ వేళచ్చేరిలో. జుట్టు 45 సెంటీమీటర్ల పొడవు. ఏడాదిన్నర కిందట ఒక పార్లర్లో రంగు తేలిక చేయించి గోధుమ వర్ణం వేయించుకుంది. తలస్నానం చేసేటప్పుడు జుట్టు ఇట్టే తడిసిపోతుందనీ, ఆరాక మాత్రం చెవుల కింద నుంచి రేగిపోయి గొడుగులా విచ్చుకుంటుందనీ చెప్పింది. జుట్టుకు తడి చాలడం లేదనుకుని రోజూ ఉదయం బయలుదేరే ముందు సీసాతో నీళ్లు చల్లుకునేది. ఆఫీసు చేరేసరికి ఇంకా అధ్వానంగా ఉండేది. "ఇన్ని నీళ్లు తాగే జుట్టు ఎందుకక్కా ఇంత పొడిగా ఉంటుంది?" అని అడిగింది.

జవాబు అర్థం కావాలంటే పెంకుటిల్లు గుర్తు చేసుకోండి. వెంట్రుక పైభాగం పెంకులు పరిచినట్టే ఉంటుంది. సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి, కొసల వైపుకు వాలుగా, కుదుళ్ల దగ్గర ఆరు నుంచి పది వరుసల దాకా అమరి ఉంటాయి. ఈ పై కప్పును క్యూటికల్ అంటారు. దాని మీద కంటికి కనిపించని పలుచని కొవ్వు పొర ఒకటి వెంట్రుకకు గట్టిగా అంటుకుని ఉంటుంది. తామరాకు మీద నీళ్లు నిలిచినట్టు ఆరోగ్యంగా ఉన్న జుట్టు మీద నీటి బొట్టు కాసేపు నిలవడానికి ఈ పొరే కారణం. రంగు తేలిక చేసే మందు, స్ట్రెయిటెనింగ్ రసాయనాలు ఈ పొరను ఊడదీస్తాయి. ఎండ, దువ్వెన రాపిడి, వేడి ఇస్త్రీ కూడా ఏళ్ల మీద అదే పని నెమ్మదిగా చేస్తాయి. పెంకులు లేచిపోయి, కొన్ని విరిగిపోయాక నీళ్లకు అడ్డేముంటుంది? పోసినవి పోసినట్టు లోపలికి దిగుతాయి.

అలా దిగిన నీళ్లు మెత్తదనం ఇస్తాయనుకోవడమే పొరపాటు. వెంట్రుక నీళ్లలో నానితే పొడవు పెద్దగా పెరగదు కానీ లావు సుమారు 15 శాతం పెరుగుతుంది. దెబ్బతిన్న వెంట్రుక ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది, అదీ అంతటా ఒకేలా కాదు. ఒకచోట పెంకులు ఉంటాయి, పక్కనే ఉండవు. దాని లోపలి ప్రోటీన్ పోగులను కలిపి ఉంచే బంధాలలో ఒక రకం, హైడ్రోజన్ బంధాలు, తడికి విడిపోయి ఆరేటప్పుడు మళ్లీ ముడిపడతాయి. ఆ క్షణంలో వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపే నిలిచిపోతుంది. పక్కపక్క వెంట్రుకలు తలో తీరుగా ఉబ్బి తలో తీరుగా ఆరితే, తలో వైపు వంగి నిలబడతాయి. లేచిన పెంకులు ఒకదానికొకటి తగులుకుని రాపిడి పెంచుతాయి. వేలికి గరుకుగా తగిలేది అదే, మనం దాన్ని 'పొడి' అంటాం. నిజానికి ఆ వెంట్రుకలో నీరు తక్కువ లేదు, పైన ఉండాల్సిన జిడ్డు పొర లేదు.

ఇక్కడే చెన్నై వచ్చి చేరుతుంది. వేసవి మధ్యాహ్నాలలో కర్నూలు, హైదరాబాదు వైపు గాలిలో తేమ బాగా పడిపోతుంది, ఆరిన జుట్టు ఆరినట్టే ఉంటుంది. చెన్నైలో ఉదయం పూట తేమ తరచుగా 70 శాతం దాటి ఉంటుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్లీ తేమ మోసుకొస్తుంది. పెంకులు లేచిన జుట్టు ఆ తేమను రోజంతా పీలుస్తూ వదులుతూ ఉంటుంది, పీల్చిన ప్రతిసారీ ఆ బంధాలు సడలి మళ్లీ ముడిపడతాయి. మా చెల్లెలు ఊళ్లో ఉండగానే ఆమె జుట్టు దెబ్బతింది. ఆ సంగతి బయటపెట్టింది మాత్రం ఈ ఊరి గాలి.

మీ జుట్టు ఏ రకమో చూసుకోవడానికి గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి, మునిగితే ఇలా, తేలితే అలా అని చెప్పే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మకండి. జుట్టు ఏదైనా నీటికంటే బరువైనదే, పూర్తిగా తడిస్తే మునగాల్సిందే. తేలేది నీటి ఉపరితల బిగువు వల్ల, వెంట్రుకకు అంటిన నూనె వల్ల, చిన్న గాలి బుడగల వల్ల. నేను చేయించేది ఇది: తలస్నానం చేసి, కండిషనరు గానీ నూనె గానీ రాయకుండా పూర్తిగా ఆరనివ్వండి. ఒక పాయ తీసి పళ్లెం మీద పరచి కుదుళ్ల దగ్గర ఒక బొట్టు, మధ్యలో ఒకటి, కొసల దగ్గర ఒకటి వేయండి. బొట్టు గుండ్రంగా నిలిచిందా, వెంటనే ఇంకిపోయిందా చూడండి. ఇది లెక్కలు చెప్పే పరీక్ష కాదు, మీ జుట్టును మీ జుట్టుతోనే పోల్చుకోవడానికి పనికొస్తుంది.

మా చెల్లెలి పాయలో కుదుళ్ల వైపు బొట్టు ముత్యంలా నిలిచింది. కొసల వైపు వేసింది వేసినట్టే మాయమైంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రంగు వేయించి 18 నెలలైంది కాబట్టి పైనున్న 18 సెంటీమీటర్లు కొత్త జుట్టు, కింది 27 సెంటీమీటర్లు దెబ్బతిన్నది. చెవుల కింద నుంచే ఎందుకు రేగుతోందో ఆ కొలతే చెప్పేసింది. మీకు కుదుళ్ల నుంచి కొసల దాకా బొట్టు నిలుస్తూ, అయినా జుట్టు ఉంగరాలుగా పొంగుతుంటే అది మీ పుట్టుకతో వచ్చిన వంపు కావచ్చు, దెబ్బ కాదు.

ఇక చేయాల్సింది. నీళ్లు చల్లుకోవడం ఆ రోజే మాన్పించాను. తలస్నానానికి ముందు రాత్రి ఆ కింది 27 సెంటీమీటర్లకు రెండు చెంచాల కొబ్బరి నూనె పట్టించమన్నాను. ఇది అమ్మమ్మల కాలం నాటి అలవాటే అయినా దీని వెనక గట్టి కారణం ఉంది. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి వెళ్లగలదు, వెళ్లి నీళ్లు చొరబడే జోరును తగ్గిస్తుంది, అందుకే తడిసినప్పుడు ఉబ్బడమూ ప్రోటీన్ కోల్పోవడమూ తగ్గుతాయి. పొద్దుతిరుగుడు నూనె, పారఫిన్ నూనె పైపైనే ఉండిపోతాయి, ఈ మేలు చేయవు. నూనె స్నానానికి ముందే పట్టించాలి, తడిసి ఉబ్బిపోయాక రాస్తే అంత ఫలం దక్కదు.

షాంపూ మాడుకు మాత్రమే చాలు, కిందికి జారే నురుగే కొసలకు సరిపోతుంది. ఒంటి సబ్బు తలకు వాడకండి, దాని క్షారగుణం పెంకులను ఇంకా లేపుతుంది. తర్వాత కండిషనరు చెవుల కింద నుంచి పట్టించి రెండు మూడు నిమిషాలు ఉంచి కడగాలి. ఇది సువాసన కోసం రాసేది కాదు. దెబ్బతిన్న చోట వెంట్రుక మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది, కండిషనరులోని ధనావేశం గల పదార్థాలు వెతుక్కుని వెళ్లినట్టు అక్కడే అంటుకుంటాయి. సీసా వెనక బెహెన్‌ట్రైమోనియం, సెట్రిమోనియం అనే పేర్లు ఉంటే అవే. డైమెథికోన్ లాంటి సిలికాన్లంటే చాలామందికి భయం. పోయిన కొవ్వు పొరకు బదులుగా పైన జారుడు పొర వేసేది అదే కాబట్టి, ఈ ఊరి గాలికి నేను దాన్ని నిశ్చింతగా సూచిస్తాను. గ్లిసరిన్ ముందు వరుసలో ఉన్న, కడగకుండా వదిలేసే క్రీములు మాత్రం ఇక్కడ చూసి వాడండి. తేమగాలిలో అవి ఇంకా నీరు లాగి జుట్టును జిగటగా చేస్తాయి.

ఆరబెట్టేటప్పుడు తువ్వాలుతో రుద్దకుండా, పాత నూలు బట్టతో అదిమి నీళ్లు తీయండి. జుట్టు ఇంకా తడిగా ఉండగానే బఠాణీ గింజంత సీరం కొసలకు రాసి, పెద్ద పళ్ల దువ్వెనతో ఒకసారి దువ్వి, ఫ్యాను కింద కూర్చోండి. ఆరేదాకా చేయి పెట్టకండి, ఆ బంధాలు ముడిపడే సమయం అదే. తడి జుట్టును ముడి వేసుకుని బస్సెక్కితే లోపలి పొరలు సాయంత్రానికీ ఆరవు. పూర్తిగా ఆరాక జడ వేసుకోవడం మంచిదే, గాలి తగిలే భాగం తగ్గుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఇక్కడ బట్టలే ఆరవు. ఆ నెలల్లో తలస్నానం సెలవు రోజు మధ్యాహ్నానికి మార్చుకోండి.

నీళ్ల సంగతి క్లుప్తంగా. కుళాయికి తెల్లటి పెళ్లలు కట్టి, సబ్బు నురగ రాకపోతే మీ ఇంటివి కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం దెబ్బతిన్న జుట్టుకే ఎక్కువగా పట్టుకుంటాయి, గరుకుదనం పెంచుతాయి. తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలి, చాలా బోర్లలో అంతకు మించే ఉంటుంది. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు అంకె చూసి తేల్చుకోకండి. సముద్రానికి దగ్గరి ఇళ్లలో అది మామూలు ఉప్పు వల్ల కూడా పెరుగుతుంది. తల మొత్తం క్యాన్ నీళ్లతో కడగనక్కరలేదు, చివరగా రెండు లీటర్లు కొసల మీద పోసుకుంటే చాలు.

ఇలా చేశాక మూడో తలస్నానానికి మా చెల్లెలి జుట్టు వంగింది వంగినట్టు కలిసి నిలిచింది. బాగుపడలేదు, అణిగింది. లేచిన పెంకులు తిరిగి పెరగవు, వెంట్రుక ప్రాణం లేని పోగు, ఏ సీసా దాన్ని మళ్లీ కొత్తది చేయదు. వాడటం ఆపితే రెండు వారాల్లో మళ్లీ రేగుతుంది. అందుకని మూడు నెలలకోసారి మూడు సెంటీమీటర్లు కత్తిరించుకోమన్నాను. పెరిగేదీ తీసేదీ సమానం కాబట్టి పొడవు 45 దగ్గరే ఉంటుంది. మొన్న నాలుగోసారి కత్తిరించుకుని వచ్చి బొట్టు పరీక్ష మళ్లీ చేసింది. ఈసారి బొట్టు 30 సెంటీమీటర్ల దాకా నిలిచింది.